ఇంగ్లీషు మినిట్స్ తెలుగులోకి మార్చాలి, వచ్చే మీటింగు ఎజెండా కూడా రాయాలి: "రైటాఫ్" దగ్గర ఆగిపోయాను

సొసైటీ_గుమాస్తా
మా ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం పాలకవర్గం పోయిన నెల మీటింగు మినిట్స్ ఇంగ్లీషులో ఉన్నాయి. గోడౌన్ లోను ఫైల్లో పెట్టాలని సీఈఓ గారు నేరుగా ఇంగ్లీషులోనే టైపు చేయించారు. నాలుగు పేజీలు, తొమ్మిది తీర్మానాలు. పదముగ్గురు డైరెక్టర్లలో ఇంగ్లీషు చదివేవాళ్లు ముగ్గురే. తెలుగులో చదివి వినిపిస్తేగానీ ధ్రువీకరించేది లేదని మిగతావాళ్లు కూర్చున్నారు. తర్జుమా, దాంతోపాటు వచ్చే మీటింగు ఎజెండా, రెండూ నా నెత్తిన పడ్డాయి.

ఆగిపోయిన చోట్లు ఇవి. 4వ తీర్మానంలో సభ్యుల అప్పులు "ఔట్‌స్టాండింగ్" 3 కోట్ల 12 లక్షలు, "ఓవర్‌డ్యూ" 64 లక్షలు అని ఉంది. రెండింటికీ నాకు "బాకీ" అనే మాటే తోస్తోంది. 5లో పదకొండు పాత అప్పులు, మొత్తం 4,18,000, "రికమెండెడ్ ఫర్ రైటాఫ్". 7లో గోడౌన్ లోనుకు "ఇంటరెస్ట్ సబ్‌వెన్షన్". 8లో "డిప్రీసియేషన్". ఎవరైనా చేసినవాళ్లుంటే చెప్పండి. ఇంకో పది రోజులే ఉంది.

పల్లె_పలుకు
దీనికంత కంగారెందుకు తమ్ముడూ. ఔట్‌స్టాండింగ్ అన్నా ఓవర్‌డ్యూ అన్నా బాకీయే. రైటాఫ్ అంటే మాఫీ. సబ్‌వెన్షన్ అంటే సబ్సిడీ. జనానికి అర్థమయ్యే మాట రాయాలిగానీ డిక్షనరీ తిరగేస్తే ఎవడికి అర్థమవుతుంది?

మినిట్స్_బుక్కు
పల్లె_పలుకు గారు, అర్థమయ్యే మాట రాయాలన్నది నిజమే. కానీ ఈ మూడూ తప్పు అర్థమయ్యే మాటలు.

ముందు రైటాఫ్. మాఫీ అంటే రైతు ఇక కట్టనక్కర్లేదని. రైటాఫ్ అంటే వసూలయ్యే ఆశ లేని అప్పును సంఘం తన ఆస్తుల లెక్కలోంచి తీసేయడం. రైతు మీద అప్పు అలాగే ఉంటుంది, వసూలు చేసుకునే హక్కూ ఉంటుంది, ఆ పేర్లు వేరే రిజిస్టరులో ఉంటాయి. మీటింగులో "పదకొండు మంది అప్పులు మాఫీ" అని చదివారంటే సాయంత్రానికల్లా ఊరంతా పాకుతుంది. సక్రమంగా కడుతున్నవాడు మర్నాడు వచ్చి "నాదెందుకు మాఫీ కాలేదు" అని అడుగుతాడు. ఆ పదకొండు మందిలో ఎవరన్నా కట్టే ఆలోచనలో ఉన్నా మానేస్తారు. "రానిబాకీగా ఖాతాల నుంచి తొలగించడం" అని రాయి. దాని కిందే "వసూలు హక్కు కొనసాగుతుంది" అని ఇంగ్లీషులో ఉందా చూడు. ఉంటే తెలుగులోనూ రావాలి. లేకపోతే నువ్వు చేర్చకు, చదివేటప్పుడు నోటితో చెప్పమను.

రెండోది, అక్కడ "రికమెండెడ్" అన్న మాట మింగేయకు. పాలకవర్గం సిఫారసు మాత్రమే చేసింది. తొలగించడానికి మామూలుగా మహాజన సభ ఆమోదం, ఆపైన శాఖ అనుమతి కావాలి. మీ బైలా ఒకసారి చూసుకో. "తొలగించడమైనది" అని రాశావంటే లేని అధికారాన్ని పాలకవర్గానికి ఇచ్చినట్టు. రేపు ఆడిటర్ పట్టుకునేది ఆ ఒక్క క్రియనే.

లెక్కల_లక్ష్మి
ఔట్‌స్టాండింగ్ అంటే "నిల్వ బాకీ", అంటే ఈ రోజుకి సభ్యులు సంఘానికి ఇవ్వాల్సిన మొత్తం. ఓవర్‌డ్యూ అంటే అందులో "గడువు మీరిన బాకీ". 64 లక్షలు ఆ 3 కోట్ల 12 లక్షల్లోనే ఉన్నాయి, విడిగా కాదు. రెండింటికీ బాకీ అని రాస్తే ఎవరో ఒకరు కూడేసి 3 కోట్ల 76 లక్షలంటారు. "నిల్వ బాకీ రూ. 3,12,00,000, అందులో గడువు మీరినది రూ. 64,00,000" అని రాయండి. ఆ "అందులో" అన్న మాట చాలు.

కల్లం_కాపరి
డిప్రీసియేషన్‌కి "తరుగు" అని మాత్రం రాయకు బాబూ. వడ్ల సెంటర్ నడిపే సొసైటీలో తరుగు అన్న మాట చెవిన పడితే ఇంకేమీ వినరు. క్వింటాలుకు ఎన్ని కిలోలు కోశారని మొదలవుతుంది 😀

లెక్కల_లక్ష్మి
నవ్వుతాలుకు అన్నా నిజమే. "తరుగుదల" లెక్కల పుస్తకంలో సరైన మాటే. కానీ చదివి వినిపించే కాగితం కదా. "కట్టడాలు, తూకం యంత్రాలు, కంప్యూటర్ల పాతబడిన విలువ కింద తగ్గింపు (తరుగుదల)" అని వస్తువుల పేర్లతో సహా రాస్తే వడ్ల మీదికి పోదు.

పల్లె_పలుకు
సరే, మాఫీ సంగతి ఒప్పుకుంటా. సబ్‌వెన్షన్ సబ్సిడీ కాదా మరి? ప్రభుత్వం ఇచ్చే డబ్బేగా.

మినిట్స్_బుక్కు
ఇచ్చేది ప్రభుత్వమే, దేని మీద అన్నదే తేడా. సబ్సిడీ అనగానే మన ఊళ్లలో అసలులో కొంత కట్టనక్కర్లేదని అనుకుంటారు. గోడౌన్ అంటున్నాడు కాబట్టి ఇది 2020లో వచ్చిన వ్యవసాయ మౌలిక వసతుల నిధి పథకం అయ్యుంటుంది. అందులో 2 కోట్ల వరకు రుణం మీద ఏడాదికి 3 శాతం వడ్డీ భరిస్తారు, అదీ గరిష్ఠంగా ఏడేళ్లు. అసలు మొత్తం సంఘమే కట్టాలి. కాబట్టి "వడ్డీ రాయితీ". రాయితీ వడ్డీకే అన్నది ఆ మాటలోనే ఉంది.

గుమాస్తా, 7వ తీర్మానం పక్కన "ఇన్ ప్రిన్సిపుల్" అని ఎక్కడైనా ఉందా?

సొసైటీ_గుమాస్తా
ఉందండి. బ్యాంకు "ఇన్ ప్రిన్సిపుల్ శాంక్షన్" ఇచ్చిందని. నేను "మంజూరైంది" అని రాశాను.

మినిట్స్_బుక్కు
"సూత్రప్రాయంగా మంజూరు" అని మార్చు. షరతులు తీరాకే అసలు మంజూరు. డైరెక్టర్లు డబ్బు వచ్చేసిందనుకుని కాంట్రాక్టరుకు మాటిచ్చేస్తారు.

హైటెక్_వాసి
మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో ఇంత గొడవ ఉండదు. మినిట్స్ వాట్సాప్ గ్రూపులో పెడతాం, రెండు రోజుల్లో ఎవరూ ఏమీ అనకపోతే ఓకే అయినట్టే. ఎజెండా కూడా అక్కడే. ట్రై చేయండి.

కల్లం_కాపరి
వాళ్ల మినిట్స్ బుక్కు ఆడిటర్ తిరగేస్తాడు సార్, మీ గ్రూపు కాదు.

హైటెక్_వాసి
ఓ, ఇది రైతుల సొసైటీనా. హౌసింగ్ సొసైటీ అనుకున్నా.

గట్టు_మీద_గోపి
క్రియల సంగతి ఇంకొంచెం చెప్పండి ఎవరైనా. మా సంఘంలో అన్నిటికీ చివర "ఆమోదించడమైనది" అనే ఉంటుంది, ఇంగ్లీషులో ఏం ఉన్నా సరే.

మినిట్స్_బుక్కు
అదే పెద్ద జబ్బు. మినిట్స్‌లో క్రియే తీర్మానం, మిగతాదంతా సందర్భం. "నోటెడ్" అంటే విషయం సభ్యుల దృష్టికి వచ్చింది, అంతే. ఒప్పుకున్నారని కాదు. "తెలుసుకోవడమైనది" అని రాయాలి. 64 లక్షలు గడువు మీరాయని పాలకవర్గం తెలుసుకుంది, దాన్ని "ఆమోదించడమైనది" అంటే నవ్వరూ? "అప్రూవ్డ్" అయితే "ఆమోదించడమైనది". "రాటిఫైడ్" అంటే ముందే అయిపోయిన పనికి తర్వాత ఒప్పుకోలు, "తదనంతర ఆమోదం తెలపడమైనది". "కన్ఫర్మ్‌డ్" పాత మినిట్స్‌కే వాడతారు, "ధ్రువీకరించడమైనది".

తెలుగులో ఇంకో చిక్కుంది. "-డమైనది"లో ఎవరు చేశారో కనపడదు. తీర్మానం వరకూ పరవాలేదు, పాలకవర్గమే చేసింది. కానీ "సీఈఓ షల్ సబ్మిట్" అని ఉన్నచోట "నివేదిక సమర్పించడమవుతుంది" అని రాస్తే ఆ పని ఎవరి మెడకూ చుట్టుకోదు. "సీఈఓ ఈ నెల 20లోగా నివేదిక సమర్పించాలి" అని కర్త ముందు, క్రియ చివర పెట్టు. ఎజెండా రాసేటప్పుడు ఈ వాక్యాలే కావాలి నీకు.

సొసైటీ_గుమాస్తా
6వ తీర్మానం ఇలా రాశాను, చూడండి:

"గోడౌనుకు దారి నిమిత్తం పక్కనున్న 10 గుంటల స్థలమును రూ. 12,50,000 (పన్నెండు లక్షల యాభై వేల రూపాయలు) వెలకు కొనుటకు, రిజిస్ట్రేషన్ ఖర్చులు సంఘమే భరించుటకు ఏకగ్రీవంగా తీర్మానించడమైనది. స్థల యజమాని సోదరుడైన ఒక డైరెక్టరు ఈ అంశంపై చర్చలో పాల్గొనక బయటకు వెళ్లిరి."

ఇంగ్లీషులో అంకెల్లో 12,50,000 ఉందిగానీ అక్షరాల్లో "ట్వెల్వ్ లాక్స్ ఫైవ్ థౌజండ్" అని ఉంది. టైపు తప్పని తెలిసి సరిచేసేశాను.

లెక్కల_లక్ష్మి
అయ్యో, సరిచేయకండి!

మినిట్స్_బుక్కు
లక్ష్మి గారి మాటే నాదీ. పన్నెండున్నర లక్షలా, పన్నెండు లక్షల ఐదు వేలా అన్నది తేల్చే అధికారం తర్జుమా చేసేవాడికి లేదు. 45,000 తేడా. అంకెలకూ అక్షరాలకూ పొత్తు కుదరకపోతే చాలాచోట్ల అక్షరాల్లో రాసిందే చెల్లుబాటుగా తీసుకుంటారు. నువ్వు టైపు తప్పనుకున్నదే రేపు అసలు ధర అని ఎవరైనా వాదించొచ్చు.

తెలుగులో కూడా ఉన్నది ఉన్నట్టే రాయి: "రూ. 12,50,000 (పన్నెండు లక్షల ఐదు వేల రూపాయలు)". పక్కన చదరపు బ్రాకెట్లో "మూలంలో అంకెలు, అక్షరాలు వేరుగా ఉన్నాయి – అనువాదకుడు" అని పెట్టు. అది నీ మాటే తప్ప తీర్మానంలోది కాదని అందరికీ తెలియాలి. వైట్‌నర్ పూయడం, దిద్దిరాయడం వద్దే వద్దు. వచ్చే మీటింగులో మినిట్స్ ధ్రువీకరించే అంశం కిందే సవరణ ప్రతిపాదించి ఒప్పుకోవాలి, ఆ సవరణ కొత్త మినిట్స్‌లో నమోదు కావాలి. ఆ తర్వాత పాత పేజీలో తప్పు మాటను చదవడానికి వీలుగా ఒక్క గీతతో కొట్టి, పైన సరైనది రాసి, అధ్యక్షుల పొట్టి సంతకం, తేదీ.

ఎజెండాకు నీ మొదటి ముడిసరుకు ఇదే. తర్జుమాలో ఎక్కడెక్కడ చేయి ఆగిందో ఆ జాబితా పెట్టుకో.

గట్టు_మీద_గోపి
"స్థలమును", "కొనుటకు", "వెళ్లిరి" ఎందుకన్నా? తెలుగులోకి మార్చమంటే తాతల తెలుగులోకి మార్చావు.

సొసైటీ_గుమాస్తా
పాత మినిట్స్ బుక్కులన్నీ అలాగే ఉన్నాయి, అదే రూలేమో అనుకున్నా.

మినిట్స్_బుక్కు
రూలేమీ కాదు. "స్థలాన్ని", "కొనడానికి", "వెళ్లారు" అని రాయి. "తీర్మానించడమైనది" ఒక్కటి ఉంచు, దాని కోసం వెతుకుతారు.

అది కాదుగానీ, ఆ వెళ్లిన డైరెక్టరు తిరిగొచ్చినట్టు రాసి ఉందా? మొత్తం హాజరెంత, మీ బైలా ప్రకారం కోరం ఎంత?

సొసైటీ_గుమాస్తా
హాజరు ఎనిమిది మంది. కోరం ఏడుగురు. తిరిగొచ్చినట్టు రాయలేదు. 7వ అంశం మొదట్లో ఇంకో డైరెక్టరు "మధ్యాహ్నం 12.40కి అధ్యక్షుల అనుమతితో వెళ్లారు" అని ఉంది.

లెక్కల_లక్ష్మి
అయితే కాగితం ప్రకారం 6వ అంశానికి ఏడుగురు, 7కి ఆరుగురు. 7 అంటే గోడౌన్ లోను తీర్మానం!

కల్లం_కాపరి
బ్యాంకు వాళ్ల కోసమని ఇంగ్లీషులో కొట్టించిన తీర్మానమే చెల్లకపోతే... సీఈఓ గారికి ఈ పూట అన్నం సహించదు.

పల్లె_పలుకు
అతను వరండాలో బీడీ కాల్చుకుని లోపలికి వచ్చే ఉంటాడు. అందరికీ తెలిసిన సంగతే. "తిరిగి వచ్చారు" అని తెలుగులో ఒక్క ముక్క కలిపితే పోలా?

మినిట్స్_బుక్కు
పోదు. ఇంగ్లీషులో లేనిది తెలుగులోకి వచ్చిందంటే అది తర్జుమా కాదు, మినిట్స్ దిద్దడం. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు దొరికేది గుమాస్తాయే, బీడీ కాల్చినాయన కాదు.

నిజంగా తిరిగొచ్చి ఉంటే అదే మీటింగులో ఉన్నవాళ్లు వచ్చే మీటింగులో చెప్పాలి, ధ్రువీకరణ కింద సవరణగా రాయాలి. రాకపోయి ఉంటే 7వ తీర్మానాన్ని మళ్లీ ఎజెండాలో పెట్టి, కోరం ఉండగా కొత్తగా చేయాలి. నన్నడిగితే వచ్చినా రాకున్నా మళ్లీ పెట్టు. ఖర్చు ఒక్క పేరా. లోను ఫైలు మధ్యలో ఆగితే ఒక సీజను పోతుంది.

సహకార_సత్యం
ఒక్క మాట. అంశంలో సొంత ప్రయోజనం ఉన్న డైరెక్టరు ఓటు వేయకూడదు సరే, కోరం లెక్కలోంచి కూడా తీసేయాలా? బయటకు పోకుండా కూర్చుని ఓటు మానుకుంటే కోరంలో లెక్కే అని మా దగ్గర పద్ధతి.

మినిట్స్_బుక్కు
కూర్చుంటే ఆ వాదన ఉంది. ఈయన బయటకు వెళ్లారని రాసుకున్నారు కదా, లేని మనిషిని ఎలా లెక్కపెడతాం? నా ఉద్దేశంలో కూర్చున్నా ఆ అంశానికి లెక్కపెట్టకూడదు.

సహకార_సత్యం
అలాగైతే చిన్న పాలకవర్గాల్లో స్థలం కొనడం, అద్దెకివ్వడం ఏదీ తేలదు. ఊళ్లో ప్రతివాడూ ప్రతివాడికీ చుట్టమే. బైలాలో స్పష్టంగా లేనప్పుడు నేనైతే మీ మాట ఒప్పుకోను.

మినిట్స్_బుక్కు
బైలాలో లేకపోతే మీదొక అభిప్రాయం, నాదొకటి. గుమాస్తా, జిల్లా సహకార అధికారి కార్యాలయం నుంచి కాగితం మీద తెప్పించుకో, ఫోనులో కాదు.

సొసైటీ_గుమాస్తా
ఎజెండా ముసాయిదా ఇది. తిట్టండి.

1. ప్రార్థన, స్వాగతం
2. గత సమావేశపు మినిట్స్
3. గోడౌన్ విషయం
4. ఎరువుల విషయం
5. వడ్ల కొనుగోలు
6. రైటాఫ్ విషయం
7. మహాజన సభ
8. అధ్యక్షుల అనుమతితో ఇతర అంశాలు (స్థలం ధర సవరణ)

లెక్కల_లక్ష్మి
"విషయం" అంటే ఏం చేయాలని? ఎరువుల విషయం అంటే ఒకరు యూరియా రాలేదని, ఇంకొకరు హమాలీ రేటని, మరొకరు పోయినేడు బస్తాలు తడిశాయని మాట్లాడతారు. గంట పోతుంది, తీర్మానం రాదు. ప్రతి అంశం చివర పాలకవర్గం చేయాల్సిన పని ఉండాలి: తెలుసుకోవడం, ఆమోదించడం, సిఫారసు చేయడం. మినిట్స్ తర్జుమాలో పడ్డ పాట్లే ఇక్కడ ముందుగా పడితే వచ్చేసారి తర్జుమా సులువు.

సహకార_సత్యం
డబ్బు సంగతి "ఇతర అంశాలు" కింద పెట్టొద్దు. నోటీసులో లేని ఖర్చుకు తీర్మానం చేశారని రాని డైరెక్టరు ఒక్క అర్జీ పెడితే చాలు. ఆ ఖాళీ అభినందనలకీ, సంతాపాలకీ ఉంచు.

మినిట్స్_బుక్కు
వరస కూడా మార్చు. మీ మినిట్స్ ప్రకారమే మనుషులు 12.40 నుంచి జారుకుంటున్నారు. కోరం తప్పనిసరైనవి ముందు, వినడానికి మాత్రమే ఉన్నవి చివర. రెండుమూడు అంశాలకు నమూనా ఇస్తున్నా, మిగతావి నువ్వు రాసుకో:

"అంశం 1: గత సమావేశపు మినిట్స్ తెలుగు అనువాదం చదివి వినిపించి, (అ) 6వ తీర్మానంలో స్థలం వెల అంకెలు, అక్షరాల మధ్య తేడాను, (ఆ) 6వ అంశం తర్వాత డైరెక్టర్ల హాజరు వివరాన్ని సవరించి, మినిట్స్ ధ్రువీకరించడం.

అంశం 2: గోడౌన్ నిర్మాణ రుణానికి దరఖాస్తు చేయడానికి, పత్రాలపై సంతకం చేసేవారికి అధికారం ఇవ్వడానికి తిరిగి తీర్మానించడం. జతపరచినవి: బ్యాంకు సూత్రప్రాయ మంజూరు లేఖ, అంచనా.

అంశం 3: గత సమావేశంలో సిఫారసు చేసిన పదకొండు రానిబాకీల (మొత్తం రూ. 4,18,000) తొలగింపు ప్రతిపాదనను మహాజన సభ ఎజెండాలో చేర్చడానికి ఆమోదించడం. జతపరచినది: ఒక్కో ఖాతాకు అప్పు తేదీ, అసలు, వడ్డీ, వసూలుకు చేసిన ప్రయత్నాల పట్టిక."

ఆ పట్టిక లేకుండా 3వ అంశం మీద చర్చే పెట్టొద్దు. పేర్లు మాత్రం ఎజెండా నోటీసులో వేయకు, పంచాయతీ గోడ మీద అతికిస్తారు.

గట్టు_మీద_గోపి
జతపరచిన కాగితాలు ముందే పంపాలా, మీటింగులో ఇవ్వాలా?

లెక్కల_లక్ష్మి
నోటీసుతోనే. మీటింగులో ఇస్తే చదవరు, చదవలేదని వాయిదా అంటారు. నోటీసు ఎన్ని రోజుల ముందన్నది బైలాలో ఉంటుంది. ఇచ్చిన రోజు, మీటింగు రోజు లెక్కలోకి తీసుకోకుండా చూసుకోండి. అందినట్టు సంతకం పుస్తకంలో తీసుకోండి, వాట్సాప్ నీలం టిక్కులు కాదు.

హైటెక్_వాసి
నా మీదేనా అది 🙂

సొసైటీ_గుమాస్తా
ఇంకో సందేహం. తెలుగు కాగితాన్ని మినిట్స్ బుక్కులో అతికించేయనా?

సహకార_సత్యం
అతికించు. లేకపోతే మూడేళ్ల తర్వాత ఎవరికి దొరుకుతుంది?

మినిట్స్_బుక్కు
నేను వద్దంటాను. బుక్కులో మూలం ఒక్కటే ఉండాలి. రెండుంటే ఏది అసలన్న గొడవ. వేరే ఫైల్లో పెట్టి, ప్రతి పేజీ కింద "ఇంగ్లీషు మూలానికి తెలుగు అనువాదం, తేడా వస్తే మూలమే ప్రమాణం" అని రాసి, నీ సంతకం, సీఈఓ సంతకం. బుక్కులో మాత్రం "అనువాదం చదివి వినిపించడమైనది, ఫైలు నంబరు ఫలానా" అని ఒక వాక్యం. అసలు వచ్చేసారి నుంచి మినిట్స్ తెలుగులో రాసి, బ్యాంకుకు కావాల్సిన ఆ ఒక్క తీర్మానాన్నే ఇంగ్లీషులో ఇస్తే ఈ తిప్పలుండవు.

సొసైటీ_గుమాస్తా
సీఈఓ గారికి ఎజెండా చూపించాను. అంశం 1, 3 ఒప్పుకున్నారు. 2 చూసి "మళ్లీ తీర్మానం ఎందుకు, బ్యాంకుకు పాతది పంపేశాం కదా" అన్నారు. పాత మినిట్స్‌లో 12.40 ఉన్న లైను కింద వేలు పెట్టి చూపించాను. కాసేపు చూసి, బైలా పుస్తకం ఎక్కడుందని అడిగారు. ఇప్పుడు అది వెతుకుతున్నాం.

కల్లం_కాపరి
ఎరువుల గోడౌనులో చూడు. మా దగ్గర అక్కడే దొరికింది, పాత కాటా కింద.